150 అక్షరాల బోర్డు

మా అన్న లగ్గాల ఫోటోగ్రాఫర్. సొంత అన్న కాదు, మా పెద్దనాన్న కొడుకు. మాది కల్వకుర్తి. తన పేరు మ్యాగజైన్‌లో వేయొద్దన్నాడు కాబట్టి ఈ వ్యాసం మొత్తం అన్న అనే రాస్తాను. హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో మూడేళ్లు పనిచేసి, పోయిన ఏడాది మానేసి ఊరికి వచ్చాడు. సెకండ్ హ్యాండ్ కెమెరా, ఒక లెన్సు ఈఎంఐ మీద కొన్నాడు. "రెండు సీజన్లు చూస్త. అయితే అయింది, లేకుంటే మళ్ల స్టూడియోకే పోత" అని ఇంట్లో చెప్పాడు. అప్పుడు నేను ఫస్ట్ ఇయర్. కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను కదా అని ఇన్‌స్టాగ్రామ్ పని నాకు అప్పగించాడు.

నేను బయో రాశాను. మొత్తం ఇంగ్లీషులో. "క్యాప్చరింగ్ మూమెంట్స్, విజువల్ స్టోరీటెల్లర్, డ్రీమర్, డీఎం ఫర్ బుకింగ్స్." మధ్యలో రెండు మెరుపుల ఎమోజీలు. ఒక వెబ్‌సైట్‌లో అక్షరాలను వంకర ఫాంట్‌లోకి మార్చి మరీ పెట్టాను. చూడ్డానికి చాలా స్టైల్‌గా ఉందని నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

ఆ బయో వల్ల ఒక లగ్గం పోయింది. ఎలా పోయిందో చెప్తాను, ఎందుకంటే ఈ వ్యాసంలోని విషయమంతా అందులోనే ఉంది.

కల్వకుర్తి దగ్గరి ఊరిలో ఒక అమ్మాయి పెళ్లి కుదిరింది. వాళ్ల తమ్ముడు అన్న తీసిన రీల్ చూశాడు, నచ్చింది, ప్రొఫైల్ తెరిచాడు. ఫోటోగ్రాఫర్ ఏ ఊరివాడో బయోలో లేదు. ఫోన్ నంబర్ లేదు. డీఎం చేయమని ఉంది కాబట్టి "అన్నా, మీరు హైదరాబాదా? మా ఊరికి వస్తరా?" అని మెసేజ్ పెట్టాడు. మనం ఫాలో కాని వాళ్లు మెసేజ్ పెడితే అది మామూలు ఇన్‌బాక్స్‌లోకి రాదు, `Requests` అనే పక్క గదిలో కూర్చుంటుంది. నోటిఫికేషన్ కంటబడలేదు. అన్న చూసేసరికి పదకొండు రోజులు గడిచాయి. అప్పటికే వాళ్లు వేరే టీమ్‌కి అడ్వాన్స్ ఇచ్చేశారు. ఆ ఊరు మా ఇంటి నుంచి బండి మీద ఇరవై నిమిషాలు.

అన్న నన్ను తిట్టలేదు. ఫోన్ నా చేతికిచ్చి, "చెల్లె, నువ్వు రాసిందాంట్ల నేను ఏడున్ననో చెప్పు" అన్నాడు. చదివాను. నిజంగానే ఎక్కడా లేదు.

అప్పుడు పక్కనే ఉన్న పెద్దనాన్న, "మా కాలంల బోర్డు మీద అన్నీ రాస్తుండె" అన్నాడు. మన ఊళ్లలో పాత ఫోటో స్టూడియోల మీద ఉండే ఆ మాట మీరూ చూసే ఉంటారు: "వివాహాది శుభకార్యములకు ఫోటోలు, వీడియోలు తీయబడును." కింద స్టూడియో పేరు, ఊరు, సెల్ నంబర్. నేను ఎప్పుడూ ఆ భాష చూసి నవ్వుకునేదాన్ని. కానీ ఆ బోర్డు ఏం చేస్తుందో చూడండి. ఏ పనులకు వస్తాడు, ఏమేం తీస్తాడు, ఎక్కడుంటాడు, ఎలా పట్టుకోవాలి, ఈ నాలుగింటికీ దారిన పోయే మనిషి నడుస్తూ నడుస్తూనే జవాబు తీసుకుంటాడు. నా స్టైల్ బయో ఒక్కదానికీ జవాబివ్వలేదు.

కాబట్టి మేం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం, బోర్డు రాస్తున్నట్టే. కాకపోతే ఈ బోర్డుకి కొలత ఉంది.

150లో ఎంత పడుతుంది

ఇన్‌స్టాగ్రామ్ బయోకి 150 క్యారెక్టర్లు ఇస్తుంది. తెలుగులో రాద్దామంటే నాకు మొదట భయమేసింది. తెలుగు అక్షరాలు పెద్దవి, ఎక్కువ చోటు తింటాయి అనుకున్నాను. కంప్యూటర్‌కి అక్షరం అంటే మనం ఒకటో తరగతిలో నేర్చుకున్న అక్షరం కాదు. "ర్తి" మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ర, పొల్లు, త, గుడి అని నాలుగు. మనకు నాలుగక్షరాల "కల్వకుర్తి"ని కంప్యూటర్ ఇలా లెక్కపెడుతుంది:

```python
len("కల్వకుర్తి")   # 10
len("Kalwakurthy")  # 11
```

ఇంగ్లీషు స్పెల్లింగ్ కంటే తెలుగే ఒకటి తక్కువ! ఫోన్‌లో బయో గడిలో టైప్ చేసి చూస్తే, మిగిలిన లెక్క చూపించే అంకె కూడా సరిగ్గా పదే తగ్గింది. అంటే తెలుగులో రాస్తే చోటు సరిపోదన్నది అపోహ. పెద్దనాన్న చెప్పిన ఆ పాత బోర్డు వాక్యం మొత్తం లెక్కపెడితే 48 వచ్చింది. మూడో వంతు చోటులో బోర్డంతా పట్టేసింది.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఎమోజీలు కంటికి ఒకటిగా కనిపిస్తాయి కానీ చాలా చోట్ల రెండుగా లెక్కకొస్తాయి, కొన్ని ఇంకా ఎక్కువ. అందుకే బయట లెక్కపెట్టుకున్నా చివరికి యాప్‌లో కనిపించే అంకెనే నమ్మండి. ఇంకోటి, 150 ఉంది కదా అని 150 నింపొద్దు. పొడుగైతే కొన్ని లైన్ల తర్వాత మిగతాది `more` కింద దాక్కుంటుంది. దాన్ని నొక్కి చదివే ఓపిక పెళ్లి పనుల్లో ఉన్నవాళ్లకు ఉండదు. మేం నాలుగు చిన్న లైన్లు అని గీత గీసుకున్నాం.

ఊరి పేరు ఎక్కడ పెట్టాలి

బయో అంటే మనం కింద రాసే నాలుగు లైన్లే అనుకుంటాం. కానీ చూసేవాళ్లకు పైనున్న పేరు, యూజర్‌నేమ్, కింద బయో, లింకు అన్నీ కలిపి ఒకే బోర్డు. వెతికేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది. 2021లో ఇన్‌స్టాగ్రామే తన సెర్చ్ ఎలా పనిచేస్తుందో వివరిస్తూ, యూజర్‌నేమ్ గానీ ప్రొఫైల్ పేరు గానీ మీరు పెట్టే పోస్టులకు సంబంధించినదిగా ఉంచండి, బయోలో పనికి సంబంధించిన మాటలు, ఊరు చేర్చండి అని సలహా ఇచ్చింది.

అన్న `Name` గడిలో అప్పటిదాకా తన పేరు, పక్కన ఇంగ్లీషులో ఫిల్మ్స్ అని ఉండేది. అన్న పేరు తెలిసినవాళ్లు వెతకాల్సిన అవసరమే లేదు, వాళ్ల దగ్గర ఫోన్ నంబర్ ఉంటుంది. తెలియనివాళ్లు టైప్ చేసేది ఊరు, పని. అందుకే ఆ గడిలో తన పేరు తర్వాత `Kalwakurthy Wedding Photographer` అని చేర్చాం. ఇది ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టాం, ఎందుకంటే మా ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు కూడా సెర్చ్‌లో ఇంగ్లీషు అక్షరాలే కొడతారు. మా అమ్మ కూడా.

ఇక్కడ మా ఊరికి ఒక ప్రత్యేక సమస్య ఉంది. కొందరు `Kalwakurthy` అని రాస్తారు, కొందరు చివర `i` పెట్టి `Kalwakurthi` అంటారు, ఇంకొందరు మధ్యలో `v` వేస్తారు. బస్సుల మీద, దుకాణాల మీద, కాగితాల మీద అన్ని రకాలూ కనిపిస్తాయి. మేం ఒక ఉపాయం చేశాం. పేరు గడిలో ఒక స్పెల్లింగ్, యూజర్‌నేమ్‌లో రెండోది పెట్టాం, బయోలో తెలుగులో "కల్వకుర్తి" అని రాశాం. ఒకే ఊరు మూడు వేషాల్లో ఉంది కానీ ఎక్కడా మళ్లీ చెప్పినట్టు అనిపించదు. మీది దేవరకొండ అయినా, అచ్చంపేట అయినా, మీ ఊరి పేరుని జనం ఎన్ని రకాలుగా రాస్తారో ముందు ఒక పదిమంది దగ్గర టైప్ చేయించి చూడండి.

ఒక హెచ్చరిక: `Name` గడిని 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తుంది. మేం మొదటిసారి ఊరి పేరులో ఒక అక్షరం తప్పు కొట్టాం, రెండోసారి సరిచేశాం, మూడో ఆలోచన వచ్చేసరికి తలుపు మూసుకుంది. ముందు నోట్స్‌లో రాసుకుని, ఇంకొకరికి చూపించి, అప్పుడు మార్చండి.

ప్రొఫైల్‌ని ప్రొఫెషనల్ అకౌంట్‌గా మార్చి, వర్గం ఎంచుకుని, దాన్ని ప్రొఫైల్‌లో చూపించమని పెడితే పేరు కింద `Photographer` అని కనిపిస్తుంది. కాబట్టి బయో లైన్లలో మళ్లీ ఫోటోగ్రాఫర్‌ని అని రాసుకుని చోటు పాడుచేసుకోనక్కర్లేదు.

గుర్తుండే లైన్ ఎక్కడ దొరుకుతుంది

ఊరు, పని, నంబర్ ఉంటే బోర్డు అయిపోతుంది. కానీ ఒక పెళ్లివారు నలుగురు ఫోటోగ్రాఫర్ల ప్రొఫైళ్లు చూస్తారు. సాయంత్రం ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు అందులో ఒకరు గుర్తుండాలి. దానికి ఒక్క లైన్ కావాలి.

నేను మళ్లీ నా పాత అలవాటుకే పోయాను. ఈసారి తెలుగులో. "మీ మధుర క్షణాలు, మా కెమెరాలో." అన్న చదివి, "ఇది ఎవరికైనా పెట్టొచ్చు గదనే" అన్నాడు. ఆ మాటే మాకు మొదటి పరీక్ష అయింది. ఆ లైన్‌ని పక్క ఊరి ఫోటోగ్రాఫర్ ప్రొఫైల్‌లో పెడితే ఏమైనా తేడా వస్తుందా? రాకపోతే అది మన లైన్ కాదు.

అప్పుడు నేను ప్రశ్న మార్చాను. నీ గురించి చెప్పు అనడం మానేసి, "లగ్గంల ఫోటోగ్రాఫర్ల మీద జనం ఏమని తిట్టుకుంటరు?" అని అడిగాను. అన్న ఆపకుండా చెప్పాడు. భోజనాలు కాంగనే కెమెరాలు సర్దుకుంటరు, అప్పగింతలప్పుడు ఒక్కడు ఉండడు. జీలకర్ర బెల్లం, పుస్తె కట్టుడు సరిగ్గ పడలేదని ఇంకోసారి చేయమంటరు, పంతులు కోపానికొస్తడు, ముసలోళ్లు అపశకునం అంటరు. పెళ్లికొడుకు పెళ్లికూతురు ఫోటోలే ఉంటయి, అవ్వ ఫోటో ఒక్కటి ఉండదు, తర్వాత ఆమె పోయినంక వెతుక్కుంటరు. ఆల్బమ్ బిడ్డ పుట్టినంక ఇస్తరు. అమ్మాయి ఫోటోలు అడగకుండ ఇన్‌స్టాల పెడతరు.

నేను అవన్నీ రాసుకున్నాను. ప్రతి తిట్టునీ తిరగేస్తే ఒక లైన్ వచ్చింది. మేం అనుకున్నవి ఇవి, పక్కన కంప్యూటర్ లెక్క:

"అప్పగింతల దాకా ఉంటం" (19)

"పుస్తె ఇంకోసారి కట్టమని అడగం" (28)

"అవ్వ లేని ఆల్బమ్ ఇయ్యం" (22)

"ఎదుర్కోళ్ల నుంచి బరాత్ దాకా" (27)

"30 రోజుల్లో ఆల్బమ్ మీ ఇంట్లో" (28)

"మీరు సరే అంటేనే పోస్ట్ చేస్తం" (29)

వీటిలో వర్ణన లేదు. అన్నీ మాట ఇవ్వడాలే. అందుకే గుర్తుంటాయి. "విజువల్ స్టోరీటెల్లర్" అన్న మాటని మా పెద్దమ్మ ఇంకొకరికి చెప్పలేదు. "అప్పగింతల దాకా ఉంటరంట" అని మాత్రం చెప్పగలదు. ఒక లైన్ పనిచేస్తుందో లేదో తెలియాలంటే ఇంట్లో పెద్దవాళ్లకు ఒకసారి చదివి వినిపించి, గంట తర్వాత ఏమన్నానో చెప్పమని అడగండి. మేం అలాగే చేశాం. పై ఆరింటిలో పెద్దమ్మకు గుర్తున్నవి మూడు: అప్పగింతలు, అవ్వ, పుస్తె. ఇది మా రెండో పరీక్ష.

మూడో పరీక్ష కష్టమైనది. ఈ మాట తప్పితే జనం పట్టుకోగలరా? పట్టుకోగలిగితేనే అది మాట. కానీ పట్టుకుంటారు కాబట్టే, నిలబెట్టుకోగలిగినదే రాయాలి. ఇక్కడ రెండు లైన్లు పోయాయి. "ఎదుర్కోళ్ల నుంచి బరాత్ దాకా" అంటే పొద్దున నుంచి అర్ధరాత్రి వరకు. ఒక కెమెరా, ఒక మనిషితో అది అయ్యే పని కాదు, ఇద్దరు ముగ్గురు ఉన్న టీమ్‌కి బాగుంటుంది. "30 రోజుల్లో ఆల్బమ్" విని అన్న చేతులు జోడించాడు. ఆల్బమ్ ఆలస్యం ఎప్పుడూ ఫోటోగ్రాఫర్ వల్లే కాదు. రెండు మూడు వేల ఫోటోలు పంపిస్తే, అందులో ఏవి ఆల్బమ్‌లో వేయాలో పెళ్లివారు ఎంచి చెప్పాలి. అత్తగారింటివాళ్లు, పుట్టింటివాళ్లు కూర్చుని ఎంచేసరికే నెలలు పడుతుంది. తప్పు వాళ్లదైనా బయో స్క్రీన్‌షాట్ మాత్రం మన మొహాన పెడతారు. ఆ లైన్ పెట్టుకోవాలనుకునేవాళ్లు ఇలా సరిచేసుకోవచ్చు: "ఫోటోలు సెలెక్ట్ చేసిన 30 రోజులకు ఆల్బమ్." 39 అవుతుంది, కొంచెం పొడుగే, కానీ గడియారం ఎప్పుడు మొదలవుతుందో అందులోనే ఉంది.

పోస్ట్ చేయడం గురించిన లైన్ మీద మేం చాలాసేపు వాదించుకున్నాం. "అది రాస్తే ఇన్‌స్టా పేజీల ఫోటోలు తగ్గుతయి" అని అన్న భయం. నేను అన్నది ఏంటంటే, మన దగ్గర చాలా ఇళ్లలో అమ్మాయి ఫోటో ఎక్కడెక్కడ తిరుగుతుందో అన్న భయం ఉంటుంది, బయటికి మాత్రం చెప్పరు, ఊరికే వేరేవాళ్లను పెట్టుకుంటారు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పే లైన్ అది. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్, నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్, 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. పరదాలో ఉండే ఆడవాళ్లు మగ ఫోటోగ్రాఫర్ ముందుకు రారు కాబట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. ఎంత బాగా తీస్తాడో చెప్పుకోవడం ఒక ఎత్తు, వాళ్లకున్న జంకు తీర్చడం ఇంకో ఎత్తు. అన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, పేజీలో పాత ఫోటోలకు కూడా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగాడు. ఇద్దరు వద్దన్నారు, తీసేశాడు. లేకపోతే ఆ లైన్ అబద్ధమయ్యేది.

ఫోన్ మోగాలంటే

బయోలో నంబర్ అంకెలుగా రాస్తే చోటు పోతుంది, నొక్కితే కాల్ వెళ్తుందన్న నమ్మకమూ లేదు. లింకుల గడి వేరే ఉంది, 2023 నుంచి అందులో ఐదు లింకుల వరకు పెట్టుకోనిస్తున్నారు. అది 150లో లెక్కకు రాదు. మేం ఒక్కటే పెట్టాం, నొక్కగానే నేరుగా వాట్సాప్ తెరుచుకునేది:

```
https://wa.me/91XXXXXXXXXX
```

91 తర్వాత పదంకెల నంబర్. ముందు ప్లస్ గుర్తు పెట్టకూడదు, సున్నా పెట్టకూడదు, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. పెట్టిన తర్వాత తప్పకుండా ఇంకొకరి ఫోన్ నుంచి నొక్కి చూడండి. మన ఫోన్‌లో చూస్తే మనకే మెసేజ్ పెట్టుకున్నట్టు కనిపించి, పనిచేస్తుందో లేదో అర్థం కాదు.

అలాగే "బుకింగ్స్ కోసం సంప్రదించండి" బదులు "ముహూర్తం తేదీ వాట్సాప్ చేయండి" అని రాశాం. దీనికి కారణం అన్నే చెప్పాడు. సంప్రదించండి అంటే జనం "రేటెంత?" అని మొదలుపెడతారు. తేదీ తెలియకుండా రేటు చెప్పడం కుదరదు, ఎందుకంటే మంచి ముహూర్తం ఉన్న రోజు ఊరంతా లగ్గాలే, మిగతా రోజులు ఖాళీ. తేదీ పంపమంటే మొదటి మెసేజ్‌లోనే అసలు విషయం వస్తుంది. ఆ రోజు వేరే లగ్గం ఉంటే అక్కడికక్కడే చెప్పేయొచ్చు.

"ఫలానా నెల బుకింగ్స్ ఓపెన్" అనే లైన్ మాత్రం బయోలో పెట్టకండి. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా అది అక్కడే ఉండిపోతుంది. ఆరు నెలల పాత తేదీ చూసినవాళ్లు ఈయన పని మానేశాడేమో అనుకుంటారు. తేదీలు స్టోరీలో పెట్టుకుంటే వాటంతట అవే పోతాయి.

వంకర అక్షరాలు, విరిగిన తెలుగు

నేను మొదటి బయోలో పెట్టిన స్టైల్ ఫాంట్ గురించి చెప్పాలి. ఇన్‌స్టాగ్రామ్ బయోలో ఫాంట్ మార్చే వీలే లేదు. ఆ వెబ్‌సైట్లు చేసేది ఫాంట్ మార్చడం కాదు, అక్షరాన్నే మార్చేయడం. యూనికోడ్‌లో గణితం కోసం పెట్టిన వేరే గుర్తులున్నాయి, అవి చూడ్డానికి ఇంగ్లీషు అక్షరాల్లా ఉంటాయి, అంతే.

```python
"𝓦" == "W"   # False
```

కంప్యూటర్‌కి ఇవి రెండు వేర్వేరు. చూపు లేనివాళ్లు వాడే, స్క్రీన్ చదివి వినిపించే యాప్‌లు వీటి దగ్గర తడబడతాయి. కొన్ని పాత ఫోన్లలో ఉట్టి డబ్బాలు కనిపిస్తాయి. పెద్దనాన్న ఫోన్‌లో అన్న బయో ఏడాది పాటు డబ్బాల్లాగే ఉందట. ఆయన అది డిజైన్ అనుకుని ఊరుకున్నాడు.

తెలుగులో ఇంకో రకం తప్పు జరుగుతుంది, స్టూడియోల్లో పనిచేసినవాళ్లకు ఎక్కువ. అన్న ఒకసారి ఆల్బమ్ డిజైన్ ఫైల్‌లోంచి తెలుగు లైన్ కాపీ చేసి బయోలో వేశాడు. అక్కడ ముచ్చటగా ఉన్న తెలుగు ఇక్కడ ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, పిచ్చి గుర్తులుగా పడింది. ఫోన్ పాడైందనుకున్నాడు. పెళ్లిపత్రికలకు, ఆల్బమ్‌లకు మన దగ్గర ఎక్కువగా అను ఫాంట్లు వాడతారు. వాటిలో తెలుగు బొమ్మ ఉంటుంది కానీ లోపల ఉండేది ఇంగ్లీషు కోడే. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే అది తెలుగు. కాబట్టి కాపీ చేయొద్దు, ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో మళ్లీ టైప్ చేయండి. ఇంగ్లీషు మీడియం చదివిన నాకు ఒత్తులు కొట్టడానికి పావుగంట పట్టింది. "అప్పగింతలు" మొదటిసారి "అపగింతలు" అని కొట్టాను. పెద్దమ్మే సరిచేసింది.

చివరికి పెట్టింది

అప్పగింతల దాకా ఉంటం
కల్వకుర్తి, చుట్టుపక్కల లగ్గాలు | ఫోటో, వీడియో
మీరు సరే అంటేనే పోస్ట్ చేస్తం
ముహూర్తం తేదీ వాట్సాప్ చేయండి

లైన్లు విడగొట్టిన చోట ఒక్కొక్కటి కలుపుకుని మొత్తం 126. ఇంకా 24 మిగిలాయి. నేను అక్కడ ఏదైనా పెడదామన్నాను. అన్న వద్దన్నాడు: "బోర్డు మీద కూడా జాగ ఇడుస్తరు, అప్పుడే దూరంకెళ్లి కనవడుతది."

మాండలికంలో రాయాలా, పుస్తకాల తెలుగులో రాయాలా అని కూడా ఆలోచించాం. "ఉంటాము" అంటే పత్రికలో ప్రకటనలా ఉంది. "ఉంటం" అంటే అన్న గొంతులా ఉంది. ఆయన్ను పిలిచేది మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కాబట్టి అదే ఉంచాం. హైదరాబాద్ మొత్తం తిరిగే ఫోటోగ్రాఫర్ అయితే వేరేగా ఆలోచించాల్సి రావచ్చు.

బయో మారిస్తే రీళ్లకు వ్యూస్ పెరగవు, ఫోటోలు బాగుపడవు. వచ్చిన మనిషి దారి తప్పకుండా చూడటమే దాని పని. మార్చిన తర్వాత వచ్చిన మొదటి కొత్త ఫోన్ వంగూరు వైపు నుంచి. అబ్బాయి చూసి లింక్ నొక్కాడు, మాట్లాడింది మాత్రం వాళ్ల మేనమామ. నమస్తే కూడా కాకముందే, "అప్పగింతల దాకా ఉంటరంట గద, నిజమేనా?" అని అడిగాడట. రేటు తర్వాత అడిగాడు.

ఆ లగ్గం రోజు రాత్రి నేను హాస్టల్‌లో ల్యాబ్ రికార్డు రాసుకుంటుంటే పదకొండున్నరకు అన్న ఫోన్ చేశాడు. వెనకాల ఏడుపులు, బ్యాండు. "ఇంక అప్పగింతలు కాలేదే చెల్లె. కార్లు ఇంక రాలే. కాళ్లు గుంజుతున్నయి. నువ్వు రాసిన లైన్‌తోని ఈడ్నే నిలవడ్డ" అన్నాడు.

"తీసేద్దామా మరి?" అన్నాను.

"వద్దు. ఉండనియ్" అని ఫోన్ పెట్టేశాడు.

రెండో సీజన్ ఇంకా నడుస్తోంది.